పూలతో కట్టిన మాట

పెళ్లి మండపాల్లో వధూవరుల పేర్లు పూలతో రాసి ఉండడం మనం చూస్తూనే ఉంటాం. ఆ పని చేసేవాళ్లు ముందు థర్మకోల్ షీటు మీద పేరు గీసుకుంటారు. గీత వెంట అక్షరాలు కోస్తారు. ఆ తర్వాతే బంతిపూలో చామంతులో తెచ్చి, గుండుసూదులతో ఒక్కొక్కటిగా గుచ్చుతారు. అక్షరం ముందు, పువ్వు తర్వాత. కృత్రిమ మేధతో బొమ్మలు చేసే పరికరాల దగ్గర కూర్చుని, పూలతోనో మబ్బులతోనో తెలుగు మాట కట్టాలనుకునేవారు నేర్చుకోవాల్సిన పద్ధతి కూడా అదే. చాలామంది ఈ రెండు పనులనూ ఒకే వాక్యంలో యంత్రానికి అప్పగిస్తారు. అక్కడే పని చెడుతుంది.

గులాబీలతో LOVE అని రాయమంటే ఇవాళ్టి పరికరాలు ఇట్టే రాసిపెడతాయి. అదే పరికరాన్ని తంగేడు పూలతో ‘బతుకమ్మ’ అని రాయమంటే, దూరం నుంచి తెలుగులా కనిపించి దగ్గరికి వెళ్తే ఏ అక్షరమూ కాని గుండ్రటి మెలికలు తరచు వస్తాయి. కొన్నిసార్లు అవి కన్నడానికి దగ్గరగా ఉంటాయి, కొన్నిసార్లు ఏ లిపికీ చెందవు. కొత్తగా వచ్చిన పరికరాలు మామూలు అచ్చు అక్షరాలను కాస్త మెరుగ్గానే రాస్తున్నాయి. కానీ అక్షరాన్ని పూలతో కట్టమనగానే మళ్లీ తడబడతాయి. ఎందుకో తెలిస్తే దాన్ని దాటే దారి కూడా దొరుకుతుంది.

ఈ పరికరాల్లో చాలావాటి పని పద్ధతిని డిఫ్యూజన్ అంటారు. తెర నిండా అడ్డదిడ్డమైన చుక్కలతో మొదలుపెట్టి, ఇరవై ముప్పై అంచెల్లో ఆ చుక్కలను కొద్దికొద్దిగా శుభ్రం చేస్తూ బొమ్మను బయటికి తీయడం దాని పని. ఏ వైపుకు శుభ్రం చేయాలో చెప్పేది మనం రాసే ప్రాంప్ట్. అయితే ఆ వాక్యాన్ని యంత్రం అక్షరం అక్షరంగా చదవదు. ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కనూ కొన్ని అంకెలుగా మార్చుకుంటుంది. 2022 ఆగస్టులో అందరి చేతికీ వచ్చిన స్టేబుల్ డిఫ్యూజన్‌లో ఇంగ్లీషు మాటలకు తగిన ముక్కలు ఉన్నాయి. తెలుగు మాటలకు లేవు. ‘బతుకమ్మ’ మన కంటికి నాలుగు అక్షరాలు: బ, తు, క, మ్మ. కంప్యూటర్ దాచుకునేటప్పుడు అది ఏడు సంకేతాలు, ఎందుకంటే కొమ్ము ఒకటి, పొల్లు ఒకటి, ఒత్తుగా మారే మకారం ఒకటి వేరువేరుగా లెక్కలోకి వస్తాయి. ఆ ఏడు సంకేతాలూ కలిసి 21 బైట్లు. యంత్రానికి చేరేది ఆ బైట్ల పొడి మాత్రమే. రెండో మకారం మొదటిదాని కింద ఒత్తుగా కూర్చోవాలన్న సంగతి ఆ పొడిలో ఎక్కడా లేదు. అది ఫాంట్‌లో ఉంటుంది. కాబట్టి ఆకారం తెలిసిన ఫాంట్‌నే అక్షరం గీయనిచ్చి, పువ్వు గీయడం తెలిసిన యంత్రానికి పువ్వు పని మాత్రమే అప్పజెప్పాలి.

ఇలా అప్పజెప్పే దారి 2023 ఫిబ్రవరిలో తెరుచుకుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ల్వ్‌మిన్ జాంగ్, అన్యి రావ్, మనీష్ అగ్రవాల కంట్రోల్‌నెట్ అనే పద్ధతిని ప్రకటించారు. ప్రాంప్ట్‌తో పాటు ఒక బొమ్మను కూడా యంత్రానికి ఇవ్వవచ్చు. ఆ బొమ్మలోని గీతలను గానీ ఎత్తుపల్లాలను గానీ హద్దుగా పెట్టుకుని, దాని మీద ప్రాంప్ట్‌లో చెప్పిన వస్తువులను పరుస్తుంది. మండపంలో థర్మకోల్ చేసే పని ఇక్కడ ఆ బొమ్మ చేస్తుంది.

ప్రాంప్ట్ దాకా వెళ్లే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. వస్తువులతో అక్షరం చేయడంలో రెండు పాత సంప్రదాయాలున్నాయి. పారసీ లిపికారుల గుల్జార్ పద్ధతిలో అక్షరం హద్దు గీత ముందే ఉంటుంది, దాని లోపలి ఖాళీని పూలూ ఆకులూ నింపుతాయి. రెండో దారి వేరు. పద్నాలుగో శతాబ్దం చివర ఇటలీలో జొవన్నీనో దె గ్రాస్సీ గీసిన అక్షరమాలలో మనుషులూ జంతువులూ వంగి, ఒకరినొకరు పట్టుకుని తామే అక్షరాలవుతారు. అక్కడ హద్దు గీత లేదు, వస్తువు ఒళ్లే గీత. మొదటిది నింపడం, రెండోది కట్టడం. గుండ్రటి చిన్న పూలు నింపడానికి బాగుంటాయి. పొడవాటి వస్తువులు, అంటే గునుగు కంకులు, తీగలు, ఈకలు, చేపలు, కట్టడానికి బాగుంటాయి, గీత ఎటు తిరిగితే అవి అటు తిరగగలవు కాబట్టి. ఏ దారిలో వెళ్తున్నామో మనకే స్పష్టంగా లేకపోతే ప్రాంప్ట్‌లోనూ ఉండదు. యంత్రం సగం నింపి, సగం కట్టి వదిలేస్తుంది.

‘బతుకమ్మ’ మాటనే తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేసి చూద్దాం. పూలు కూడా ఆ పండుగవే ఉండాలి. బంతీ చామంతీ ఎక్కడైనా దొరుకుతాయి, యంత్రం వాటిని సులువుగా గీస్తుంది కూడా. కానీ తంగేడు, గునుగు లేని బతుకమ్మను తెలంగాణలో ఎవరూ బతుకమ్మగా చూడరు. కాస్త కష్టమైనా ఆ రెంటితోనే చేయడం నాకు సరైన పని అనిపిస్తుంది.

మొదట అక్షరం. లావు గీతల ఫాంట్ కావాలి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే రామభద్ర శీర్షికల కోసం చేసింది, దీనికి బాగా పనికొస్తుంది. బలూ తమ్ముడు కూడా మంచిదే. సన్నటి గీతలూ సున్నితమైన ఒంపులూ ఉన్న ఫాంట్లు కాగితం మీద ఎంత అందంగా ఉన్నా పూలు పరచడానికి చాలవు. ఎంత లావు కావాలన్నది లెక్కతో తేలుతుంది. ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ లెక్కే.

బొమ్మ వెడల్పు 1024 పిక్సెళ్లు అనుకుందాం. చాలా పరికరాలు హాయిగా పనిచేసే కొలత అది. రెండు పక్కలా అంచు వదిలితే మాటకు మిగిలేది 900. నాలుగు అక్షరాలకు పంచితే ఒక్కొక్కదానికి 225. గీత మందం అక్షరం వెడల్పులో ఆరో వంతు ఉందనుకుంటే 37 పిక్సెళ్లు. ఆ మందంలో రెండు పూలు పక్కపక్కన పట్టాలంటే ఒక్కో పువ్వు 18 పిక్సెళ్లకు కుదించుకోవాలి. స్టేబుల్ డిఫ్యూజన్ తరహా యంత్రాలు బొమ్మను నేరుగా పిక్సెళ్లలో గీయవు. ఎనిమిది పిక్సెళ్ల గళ్లుగా కుదించిన చిన్న బొమ్మ మీద పనిచేసి, చివర్లో దాన్ని పెద్దది చేస్తాయి. అంటే మన 18 పిక్సెళ్ల తంగేడు పువ్వుకు దక్కేది అడ్డంగా రెండు గళ్లు, కాస్త మిగులు. అందులో ఐదు రేకులూ నడుమ కేసరాలూ ఎలా పడతాయి? పువ్వు బదులు పసుపు మరక వస్తుంది. ‘పూలు బాగా రాలేదు’ అని ప్రాంప్ట్‌లో వర్ణనలు పెంచుకుంటూ పోయేవాళ్లను చూస్తుంటాను. లోపం మాటల్లో లేదు, చోటులో ఉంది.

చోటు పెంచడానికి తేలికైన ఉపాయం మాటను రెండు వరసలు చేయడం. పైన ‘బతు’, కింద ‘కమ్మ’. పోస్టర్లలో ఇలా విరిచి రాయడం మనకు కొత్త కాదు. ఇప్పుడు ఒక్కో అక్షరానికి 450 పిక్సెళ్లు, గీతకు 75. ఇంక్‌స్కేప్‌లో అక్షరాలను `Object to Path`తో ఆకారాలుగా మార్చి `Outset`తో కాస్త ఉబ్బిస్తే 90 దాకా వస్తుంది. పువ్వుకు 45 పిక్సెళ్లు, అంటే ఐదారు గళ్లు. రేకులు విడివిడిగా కనిపించడం ఇక్కడ మొదలవుతుంది.

ఉబ్బించినప్పుడు ఇంకో ప్రమాదం వస్తుంది. గీత లావైన కొద్దీ అక్షరం లోపలి సందులు మూసుకుపోతాయి. తెలుగు అక్షరాల గుర్తింపు చాలాచోట్ల ఈ సందుల్లోనే ఉంది. పకారానికీ వకారానికీ తేడా పైన తెరిచి ఉన్న చిన్న ఖాళీ ఒక్కటే. మకారం కుడి చివరి తోక పక్క గీతలో కలిసిపోతే అది వకారంలా కనిపిస్తుంది. తకారం కొమ్ము పూలలో మునిగిపోతే ‘బతుకమ్మ’ కాస్తా ‘బతకమ్మ’ అవుతుంది, అది కూడా అర్థమున్న మాటే కాబట్టి తప్పు చూసేవాడికి వెంటనే తట్టదు. అందుకే గీతకు పెట్టుకున్న నియమం లాంటిదే సందుకూ పెట్టుకోవాలి: ప్రతి సందూ కనీసం ఒక పువ్వంత వెడల్పు ఉండాలి. తలకట్టు రెండు కొమ్మల నడుమ, కొమ్ముకూ ఒంటికీ నడుమ, మకారానికీ కింది ఒత్తుకూ నడుమ ఎక్కడ ఇరుకుగా ఉంటే అక్కడ గీతను చేత్తో లాగి సందు పెంచాలి. ఫాంట్ తయారీదారు పెట్టిన ఒత్తు మరీ చిన్నదైతే దాన్ని విడిగా ఓ పాతిక శాతం పెంచవచ్చు. కాగితం మీద అది కాస్త మోటుగా కనిపిస్తుంది, పూలు పడ్డాక సమంగా సర్దుకుంటుంది.

తర్వాత ఆ అక్షరాలను నల్లటి నేపథ్యం మీద తెల్లగా నింపి, అంచులను ఎనిమిది పది పిక్సెళ్ల మేర మసకబార్చి బొమ్మగా దాచుకోవాలి. కంట్రోల్‌నెట్‌లో రకాలున్నాయి. అంచు గీతలను పట్టుకునే `canny` రకాన్ని వాడితే పూలు సరిగ్గా గీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతాయి, సగం తెగిన రేకులతో స్టిక్కరులా కనిపిస్తుంది. ఎత్తుపల్లాలను చూసే `depth` రకం తెలుపును దగ్గరగా, నలుపును దూరంగా అర్థం చేసుకుంటుంది. అంచు మసకగా ఉంది కాబట్టి రేకులు కాస్త బయటికి ఒరుగుతాయి, అక్షరం నేల మీద పేర్చిన పూలగట్టులా లేస్తుంది. పూలకు నేనెప్పుడూ `depth`నే ఎంచుకుంటాను. మనం ఇస్తున్నదే ఎత్తుపల్లాల బొమ్మ కాబట్టి `Preprocessor` దగ్గర `none` ఉండాలి. లేకపోతే యంత్రం మన బొమ్మను ఫొటో అనుకుని దానిలోంచి మళ్లీ లోతు లెక్కవేయబోతుంది.

అదే తెర మీద రెండు మీటలు ముఖ్యం. `Control Weight` అంటే మన ఆకారానికి యంత్రం ఎంత కట్టుబడాలన్నది. పూలకు 0.8 నుంచి 1.0 మధ్య బాగుంటుంది. `Ending Control Step` అంటే ఆ కట్టుబాటు ఎంతసేపన్నది. డిఫ్యూజన్‌లో మొదటి అంచెలు బొమ్మ కూర్పును తేలుస్తాయి, చివరి అంచెలు వివరాలను తేలుస్తాయి. అక్షరం మొదటి సగంలోనే స్థిరపడిపోతుంది. 0.75 దగ్గర కట్టు విప్పేస్తే, మిగిలిన పావు భాగంలో రేకులు తమ సహజమైన ఒంపులు తెచ్చుకుంటాయి. చివరిదాకా బిగించి ఉంచితే ప్రతి పువ్వూ గీతకు అణిగినట్టుంటుంది. మరీ తొందరగా, 0.4 దగ్గరే విప్పితే కొమ్ములూ తోకలూ పూలగుత్తులై విచ్చుకుని చదవడం కష్టమవుతుంది.

ఇప్పుడు ప్రాంప్ట్. ఈ యంత్రాలు ఎక్కువగా ఇంగ్లీషు వివరణలతో నేర్చుకున్నాయి కాబట్టి ఈ రకం పరికరాల్లో ఇంగ్లీషులోనే రాయాలి.

```
small bright yellow five-petaled flowers and slender
pink-white celosia spikes, packed tightly into a thick
raised garland, dark wet stone floor, seen from directly
above, soft side light, bare background
```

ఇందులో ఉన్నవాటికన్నా ముందు లేనివాటిని చూడండి. ‘బతుకమ్మ’ అన్న మాట లేదు. అక్షరం, రాత, ఫాంట్ అన్న మాటలూ లేవు. ఆకారం వేరే దారిన వెళ్లింది కదా, ఇక్కడ మళ్లీ చెబితే యంత్రం తనకు తెలిసిన ఇంగ్లీషు అక్షరాలను బొమ్మలో ఎక్కడో ఒకచోట ఇరికిస్తుంది. ప్రాంప్ట్ కేవలం వస్తువును, అది ఉన్న చోటును, వెలుగును చెప్పాలి.

తంగేడు పేరు కూడా లేదు. దాని శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా అని రాసినా యంత్రం దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటుందో నమ్మకం లేదు. ‘ఐదు రేకుల చిన్న పచ్చటి పువ్వు’ అని రూపం చెబితే ఎక్కువ నమ్మకంగా వస్తుంది. గునుగుకు మాత్రం పేరూ రూపమూ రెండూ కావాలి. ఉత్త సెలోసియా అంటే కోడిజుట్టు పువ్వు ఎర్రగా, ముద్దగా వచ్చేస్తుంది. సన్నటి, గులాబీ తెలుపు కలిసిన కంకులు అని విప్పి చెప్పాలి. మన నేల మీద పూసేవాటికి ఎక్కువభాగం ఇదే దారి: పేరు మీద ఆధారపడకుండా రేకుల సంఖ్య, రంగు, పరిమాణం, కొనదేలి ఉందా గుండ్రంగా ఉందా అన్నవి చెప్పడం.

పూలు దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉండాలన్న ముక్క కూడా చాలా అవసరం. అది లేకపోతే పూల మధ్య ఆకులూ ఖాళీలూ చేరి గీత ముక్కలు ముక్కలవుతుంది. నేరుగా పైనుంచి చూస్తున్నట్టు చెప్పకపోతే యంత్రం పక్కనుంచి చూస్తున్న తోటను గీయబోతుంది, కింది వరస పెద్దదై పై వరస చిన్నదైపోతుంది. నేల నల్లగా తడిగా ఉండమనడానికి కారణం వర్ణభేదం. పసుపు, లేత గులాబీ రంగులకు లేత నేపథ్యం పెడితే అక్షరం అందులో కలిసిపోతుంది. వెలుగు పక్కనుంచి పడితే పూలగట్టుకు ఒకవైపు నీడ వస్తుంది, ఆ నీడ అక్షరం అంచును మరోసారి గీసినట్టు చూపిస్తుంది.

వద్దనేవి వేరే పెట్టెలో, `Negative prompt`లో వెళ్లాలి.

```
text, letters, watermark, scattered petals, bowl, vase
```

ఇక్కడ చెల్లాచెదురు రేకులను వద్దనడం చూడ్డానికి చిన్న విషయం. పూల బొమ్మలు చేసేటప్పుడు యంత్రానికి చుట్టూ నాలుగు రేకులు చల్లడం అలవాటు, అందంగానూ ఉంటుంది. కానీ అక్షరంలో ఉన్న వస్తువే నేపథ్యంలోనూ ఉంటే కన్ను ఏది గీతో ఏది గీత కాదో తేల్చుకోలేదు. తలకట్టు పక్కన పడిన ఒక్క రేకు ఇంకో అక్షర భాగంలా కనిపించగలదు. నేపథ్యం ఎంత ఖాళీగా ఉంటే మాట అంత త్వరగా చదవగలం.

బొమ్మ వచ్చాక పరీక్ష. తెర మీద పెద్దగా చూస్తే ప్రతిదీ బాగానే ఉన్నట్టుంటుంది. దాన్ని బొటనవేలి గోరంత చిన్నది చేసి చూడాలి. ఆ సైజులోనూ మాట చదవగలిగితే అక్షరం నిలిచినట్టే. తర్వాత భాగాలు లెక్కపెట్టాలి. ‘బతుకమ్మ’లో తలకట్లు మూడు: తకారానికి, కకారానికి, మకారానికి. బకారానికి తలకట్టు లేదు, యంత్రం దాని మీద ఏదైనా పెట్టిందేమో చూడాలి. కొమ్ము ఒకటి, ఒత్తు ఒకటి. ఇవన్నీ వేలు పెట్టి చూపించగలిగేంత స్పష్టంగా ఉండాలి. ముందు గీసుకున్న నల్లా తెలుపూ బొమ్మను సగం పారదర్శకంగా దీని మీద పరిస్తే ఎక్కడ గీత తప్పిందో తెలిసిపోతుంది. చేసినవాడికి మాట ముందే తెలుసు కాబట్టి లేని కొమ్మును కూడా మనసు చదివేస్తుంది. మాట ఏమిటో చెప్పకుండా ఇంట్లో ఇంకొకరికి చూపించి చదవమనడం అన్నిటికన్నా నికరమైన పరీక్ష.

ఒక్క ఒత్తు చెడిందని బొమ్మంతా మళ్లీ చేయనక్కర్లేదు. `Inpaint`లో ఆ ఒత్తు మీద మాత్రమే ముసుగు వేసి `Only masked` ఎంచుకుంటే, యంత్రం ఆ చిన్న భాగాన్నే పూర్తి కొలతలో పెద్దగా గీసి, తర్వాత కుదించి స్థానంలో పెడుతుంది. ఒత్తుకు దొరికిన గళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, పూలు కూడా స్పష్టంగా వస్తాయి. మాటను రెండు వరసలు చేయడం ఇష్టం లేనివారు ఒక్క వరసలోనే మాట పెట్టి, ఒక్కో అక్షరాన్నీ ఇలా విడిగా తిరగ గీయించుకోవచ్చు. సమయం పడుతుంది. వెలుగు దిశ మారకుండా ప్రాంప్ట్‌లో అదే వాక్యం ఉంచుకోవాలి.

మబ్బుల సంగతి వేరు. పువ్వుకు అంచుంది, లెక్క ఉంది. మబ్బుకు రెండూ లేవు. ‘వాన’ అన్న మాటను మబ్బుతో చేయాలంటే గీతలో ఎన్ని పడతాయన్న ప్రశ్నే రాదు, మబ్బంతా ఒకటే ముద్ద. ఇబ్బంది అంతా సందుల్లో ఉంటుంది, ఎందుకంటే మబ్బు ఎప్పుడూ పక్కకు పాకుతుంది. పూలకు సందు ఒక పువ్వంత చాలు. మబ్బుకు సందు గీతంత వెడల్పుగానైనా ఉండాలి. వాకారం దీర్ఘానికీ నకారానికీ మధ్య దూరం మామూలు అచ్చులో కన్నా రెట్టింపు పెట్టుకోవడం మంచిది. నల్లా తెలుపూ బొమ్మ అంచులను ఇరవై ముప్పై పిక్సెళ్ల దాకా మసకబార్చవచ్చు. `Control Weight` 0.5 లేదా 0.6కు తగ్గించి, `Ending Control Step` కూడా సగం దగ్గర పెడితే మబ్బు తన ఇష్టం వచ్చినట్టు అంచులు చింపుకుంటుంది. పూలకు వాడిన గట్టి పట్టు ఇక్కడా వాడితే దూదిని అచ్చులో పోసినట్టు ఉంటుంది, ఆకాశంలో ఉన్నట్టుండదు.

ఆకాశంలో నిజంగా రాసినవాళ్లున్నారు. 1922 మేలో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డెర్బీ గుర్రప్పందాల మీదుగా సిరిల్ టర్నర్ అనే పైలట్ విమానం పొగతో ఓ పత్రిక పేరు రాశాడు. అదే ఏడాది నవంబరులో న్యూయార్క్ మీద అమెరికాకు పలకరింపు రాశాడు. వేడి పొగ గొట్టంలోకి నూనె వదిలితే వచ్చే తెల్లటి పొగ అది. ఆ రాత ఫొటోల్లో గీత అంతా దాదాపు ఒకే మందం, మొదట రాసిన అక్షరం చెదిరి ఉంటుంది, చివరిది నిగనిగలాడుతుంటుంది. మబ్బు అక్షరానికి మన ముందున్న రెండు దారులూ దీనితో తెలుస్తాయి. ఒకటి పొగరాతలా సన్నటి గీత. రెండోది వానకాలం ముందు లేచే తెల్లటి గుట్ట మబ్బులా లావు అక్షరం. సన్నటి గీత దారిలో ఒంపులు ఎక్కువున్న తెలుగు అక్షరాలు త్వరగా చెదిరి చదవరాకుండా పోతాయి. రెండో దారే మన లిపికి నప్పుతుంది.

```
thick white cumulus cloud, empty deep blue sky, sun from
upper left, soft grey shade underneath, ragged edges
```

ఖాళీ నీలాకాశం అన్న ముక్క దగ్గర ఆగాలి. ‘వేరే మబ్బులు వద్దు’ అని ఇక్కడే రాయాలనిపిస్తుంది. రాస్తే పాత తరహా యంత్రాలు వద్దు అన్న మాటను పెద్దగా పట్టించుకోవు, మబ్బులు అన్న మాటను పట్టుకుని మరో నాలుగు మబ్బులు చేరుస్తాయి. లేకుండా చేయదలచినదాని పేరు ప్రాంప్ట్‌లో ఎత్తకూడదు. అది లేని చోటు ఎలా ఉంటుందో వర్ణించాలి. కింద బూడిద రంగు నీడ అడగడం కూడా చదవడం కోసమే. నీడ లేని తెల్లటి మబ్బు బల్లపరుపుగా కనిపిస్తుంది. కింద నీడ ఉంటే ప్రతి ఒంపూ విడిగా లేచి కనిపిస్తుంది.

ఇంట్లో శక్తిమంతమైన కంప్యూటర్ లేనివారికి, ఫోన్‌లో మాటలతో అడిగి బొమ్మ చేయించుకునే పరికరాలున్నాయి. వాటిలో మీటలుండవు, కానీ వరస మారదు. ఫోన్‌లోనే లావు ఫాంట్‌తో మాట రాసి స్క్రీన్‌షాట్ తీసి, దాన్ని పంపి, తర్వాతే పూల గురించి చెప్పాలి. వీటితో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

```
నేను పంపిన తెల్లటి ఆకారాన్ని ఉన్నదున్నట్టే ఉంచు. ఏ గీతా
కలపకు, తీసేయకు, జరపకు. దాని మీద మాత్రమే చిన్న పసుపు
పూలు దగ్గరదగ్గరగా పరువు. చుట్టూ నల్లటి నేల ఖాళీగా ఉండాలి.
```

ఆకారం అనడం గమనించండి, అక్షరం అనలేదు. అక్షరం అంటే ఈ యంత్రం దాన్ని చదివి తనకు తోచినట్టు మళ్లీ రాయడానికి పూనుకుంటుంది. ఆకారం అంటే ఉన్నదాన్ని కప్పుతుంది. ఒక భాగం తప్పితే ‘సరిగా రాలేదు, మళ్లీ చెయ్యి’ అనడం వల్ల లాభం ఉండదు, ఇంకోచోట తప్పుతుంది. ‘రెండో అక్షరం కుడివైపు కింద ఉన్న కొక్కెం పోయింది, మొదట పంపిన బొమ్మలో ఉన్నట్టే అక్కడ పెట్టు, మిగతాది ముట్టుకోకు’ అని చోటు చూపించి చెప్పాలి.

చివరికి అచ్చు వేయించుకునేటప్పుడు కొలత గుర్తుంచుకోవాలి. 1024 పిక్సెళ్ల బొమ్మ పత్రిక నాణ్యతలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, మూడున్నర అంగుళాలకు కూడా చాలదు. ఆహ్వానపత్రికకు కావాలంటే పెద్దది చేయాలి, దాన్నీ ఇలాంటి యంత్రాలే చేస్తాయి. అయితే అవి ఉన్నదాన్ని సాగదీయడంతో ఆగవు, కొత్త వివరాలను ఊహించి గీస్తాయి. `Denoising strength` 0.2, 0.3 దాటితే ఆ ఊహ అక్షరాల మీదకు వస్తుంది: పూల మధ్య ఇంకో పువ్వు మొలిచి మకారం తోక దగ్గర సందు పూడిపోతుంది. కాబట్టి పెద్దది చేశాక కూడా తలకట్లు మూడూ, కొమ్మూ, ఒత్తూ ఇంకోసారి లెక్కపెట్టి, ఆ తర్వాతే ప్రెస్సుకు పంపాలి.